స్టోర్ నిబంధన మారి యాప్ విడుదల ఆగింది: క్లయింట్‌కు ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: ఒంగోలులో ఇద్దరం కలిసి చిన్నగా యాప్‌ల పని చేస్తున్నాం. ఒక బట్టల దుకాణం యజమానికి ఈ నెలాఖరుకు ప్లే స్టోర్‌లో యాప్ పెడతామని మాట ఇచ్చాం. ఖాతా ఆయన సొంత పేరు మీద కొత్తగా తెరిచాం. ఇప్పుడు చూస్తే 14 రోజుల టెస్టింగ్ పూర్తయితే తప్ప విడుదల కుదరదంటోంది. ఆయనకు ఉత్తరం ఎలా రాయాలి? తప్పు మాది కాదని ఎలా చెప్పాలి?

జవాబు:

తప్పు మాది కాదని చెప్పడానికి నేనూ ఒకసారి రాశాను. ఆ నాలుగు ముక్కలు చదివాక క్లయింట్ నాతో మాట్లాడడం మానేశారు. నాలుగు రోజుల తర్వాత రాసిన రెండో ఉత్తరం పని నిలబెట్టింది. రెండింటి మధ్య ఏం జరిగిందో చెబుతాను.

మాది నెల్లూరు. 2023 అక్టోబరులో విడవలూరు వైపు రొయ్యల మేత అమ్మే ఒక డీలరుతో ఒప్పందం కుదిరింది. రైతు తన గుంటకు కావలసిన మేత బస్తాలు యాప్‌లోనే చెప్పాలి, తన ఖాతాలో బాకీ ఎంతుందో చూసుకోవాలి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను బట్టి పలికే ఆ రోజు కౌంటు ధర తెలుసుకోవాలి. పని అంతే. కానీ తేదీ ముఖ్యం. సంక్రాంతి దాటితే వేసవి పంటకు గుంటలు సిద్ధం చేసుకుంటారు. ఈసారి మేత ఎవరి దగ్గర తీసుకోవాలన్నది గుంటలో రొయ్య పిల్లల సీడు వదలక ముందే మాట అనేసుకుంటారు. అందుకే ఆయన సంక్రాంతి తేదీ వేసి రెండు వేల కరపత్రాలు అచ్చు వేయించారు.

2023 నవంబరు 9న గూగుల్ ఒక ప్రకటన చేసింది. నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలు యాప్‌ను అందరికీ విడుదల చేయాలంటే ముందుగా కనీసం 20 మందితో, వరుసగా 14 రోజులు, మనం ఎంచుకున్నవారికి మాత్రమే యాప్ ఇచ్చే క్లోజ్డ్ టెస్ట్ నడపాలన్నది అందులోని మాట. మేము ఆయన పేరు మీద ఖాతా తెరిచింది నవంబరు 27న. ఆ ప్రకటన నేను చదవలేదు. ఒప్పందం కుదిరిన వారంలోనే ఖాతా తెరిచి ఉంటే ఈ నిబంధన మాకు తగిలేదే కాదు. డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫానుకు మాకు మూడు రోజులు కరెంటు లేదు. దాన్ని ఎలాగో పూడ్చుకున్నాం. యాప్ పూర్తయి, డిసెంబరు 29న విడుదలకు వెళితే ఆ దారి మూసి ఉంది.

మరుసటి రోజు వాట్సాప్‌లో ఇలా పంపాను: “సార్, గూగుల్ రూల్స్ మార్చింది. విడుదల కొంచెం ఆలస్యమవుతుంది. మా చేతిలో లేదు.” జవాబు రాలేదు. జనవరి 2న దుకాణానికి వెళ్లాను. ఆయన కరపత్రాల కట్ట బల్ల మీద పెట్టి మూడే ప్రశ్నలు అడిగారు. “రూలు ఎప్పుడు మార్చారు నాయనా? నీకు ఎప్పుడు తెలిసింది? నా రైతులకు ఇప్పుడు ఏ తేదీ చెప్పమంటావు?” నేను పంపిన సందేశంలో ఈ మూడింటిలో ఒక్కదానికీ సమాధానం లేదు. ఉత్తరానికి కావలసిన ఎముకల గూడు ఆ మూడు ప్రశ్నలే. ఇంటికి వచ్చి రాసి, జనవరి 3న చేతికిచ్చిన ఉత్తరం ఇది. పేర్లు, డబ్బు లెక్క తీసేశాను.

> గౌరవనీయులైన … గారికి,
>
> నమస్కారం. మీ యాప్ సంక్రాంతికి ప్లే స్టోర్‌లో అందరికీ కనిపించదు. ఎందుకో, ఎప్పటికి కనిపిస్తుందో కింద తేదీలతో రాస్తున్నాను.
>
> కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతాలకు 20 మందితో 14 రోజుల టెస్టు తప్పనిసరి అని గూగుల్ నవంబరు 9న ప్రకటించింది. నవంబరు 13 తర్వాత తెరిచిన ఖాతాలకు ఇది వర్తిస్తుంది. మన ఖాతా నవంబరు 27న తెరిచాం. ఖాతా తెరిచే ముందు ఈ ప్రకటన చూడకపోవడం నా పొరపాటు. నాకు తెలిసింది డిసెంబరు 29న. యాప్‌లో పని ఏమీ మిగలలేదు. తుఫాను వల్ల పోయిన రోజులకూ ఈ ఆలస్యానికీ సంబంధం లేదు.
>
> టెస్టు విడతకు స్టోర్ అనుమతి నిన్న వచ్చింది. ఇక 14 రోజుల లెక్క మొదలయ్యేది ఈ రోజు నుంచి కాదు, 20వ మనిషి చేరిన రోజు నుంచి. ఆ 20 మంది జనవరి 8 నాటికి చేరితే, 22న విడుదల అనుమతికి దరఖాస్తు చేస్తాను. దాని పరిశీలనకు సాధారణంగా వారం లోపు పడుతుంది. తర్వాత యాప్ పరిశీలనకు మరో వారం ఉంచుకుందాం. అంటే ఫిబ్రవరి 5. ఈ రెండు పరిశీలనలు నా చేతిలో లేనివి కాబట్టి, రైతులకు ఫిబ్రవరి 10 అని చెప్పండి. 20వ మనిషి చేరడం ఎన్ని రోజులు ఆలస్యమైతే ఈ తేదీలన్నీ అన్ని రోజులు జరుగుతాయి.
>
> మీ వల్ల కావలసింది ఒకటి ఉంది. మీ దగ్గర మేత తీసుకునే రైతుల్లో ఆండ్రాయిడ్ ఫోను ఉన్న 25 మంది పేర్లు ఇవ్వండి. ఒక్కొక్కరి దగ్గరకు నేనే వచ్చి ఫోనులో యాప్ పెట్టి వెళతాను. వారు సంక్రాంతికే దాన్ని వాడుకోవచ్చు.
>
> సంస్థ పేరు మీద వేరే ఖాతా తెరిస్తే ఈ టెస్టు ఉండదు. కానీ దానికి ముందు సంస్థకు డన్స్ అనే గుర్తింపు నంబరు తెప్పించుకోవాలి. అందుకు 30 రోజుల వరకు పట్టవచ్చు. ఆ దారిలో మనకు కలిసివచ్చేది లేదు.
>
> కరపత్రాలు మళ్లీ అచ్చు వేయించే ఖర్చు నాది. చివరి విడత డబ్బు యాప్ అందరికీ కనిపించిన రోజునే ఇవ్వండి. ప్రతి సోమవారం ఎంతమంది చేరారో, ఎన్ని రోజులు గడిచాయో రెండు వాక్యాలు పంపుతాను.
>
> ఇట్లు …

చదివి ఆయన, “ఇది ముందే ఇచ్చి ఉంటే బాగుండేది” అని, అప్పటికప్పుడు ఫోను తీసి రైతులకు చెప్పడం మొదలుపెట్టారు.

ఇందులో మీరు జాగ్రత్తగా చూడవలసింది తేదీ చెప్పిన తీరు. “రెండు వారాలు పడుతుంది” అని రాస్తే ఆయన ఆ రోజు నుంచి లెక్కపెట్టుకుంటారు, మీరు రెండోసారి మాట తప్పినవారవుతారు. గడియారం ఎక్కడ మొదలవుతుందో, ఏ భాగం మీది, ఏ భాగం ఆయనది, ఏ భాగం స్టోర్‌ది అన్నది విడదీసి రాయాలి. పొరపాటు ఒక్క వాక్యంలో ఒప్పుకోండి, దాని చుట్టూ క్షమాపణలు పేర్చవద్దు. ఆ వాక్యం లేకుండా మిగతా తేదీలు ఎంత సరిగా రాసినా ఆయన నమ్మరు. ఎందుకంటే నిబంధన తేదీ, ఖాతా తేదీ పక్కపక్కన పెట్టి చూడడం వ్యాపారికి ఒకరు నేర్పవలసిన పని కాదు.

“20వ మనిషి చేరిన రోజు” అన్న మాట ఎందుకంత గట్టిగా రాశానో కూడా చెప్పాలి. టెస్టర్ల జాబితాలో ఈమెయిల్ ఎక్కించినంత మాత్రాన వారు చేరినట్టు కాదు. మీరు పంపిన లింకు తెరిచి, Become a tester అన్న బటన్ వారే నొక్కాలి. మా జాబితాలో 25 పేర్లు ఎక్కాక కూడా ప్లే కన్సోల్‌లో 11 మందే చేరినట్టు కనిపించారు. కారణం గుంట గట్టు మీద తెలిసింది. ఒక పెద్దాయన తన జీమెయిల్ అని చెప్పింది కొడుకుది. ఆయన ఫోనులో ఉన్నది ఫోను కొన్న రోజు దుకాణంలో కుర్రాడు తెరిచి ఇచ్చిన వేరే ఖాతా. ఏరియేటర్ల హోరులో, ప్లే స్టోర్ తెరిచి, కుడివైపు పైన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కితే ఆ చిరునామా కనిపించింది. జాబితాలో అది మార్చగానే లింకు పనిచేసింది. అప్పటి నుంచి ఎవరినీ ఈమెయిల్ అడగలేదు. ఫోను చేతిలోకి తీసుకుని ఆ బొమ్మ నొక్కి చూసి రాసుకున్నాను. మా 20వ రైతు జనవరి 9న చేరారు. పండుగ రోజుల్లో ఒకరు ఫోను మార్చి, పాతదాంట్లోని ఖాతా తెలియక టెస్టు నుంచి పోయారు. అప్పటికి 24 మంది ఉన్నారు కనుక లెక్క చెడలేదు. సరిగ్గా 20 మందే ఉండి ఉంటే, కొత్త మనిషి చేరిన రోజు నుంచి మళ్లీ 14 రోజులు ఆగవలసి వచ్చేది.

జనవరి 23న Apply for production నొక్కాం. అక్కడ టెస్టర్లను ఎలా తెచ్చుకున్నారు, వారు యాప్ ఎలా వాడారు, ఏం చెప్పారు, దాన్నిబట్టి మీరు ఏం మార్చారు అని అడుగుతారు. రైతులు బస్తాల సంఖ్య రాసే గడి చిన్నదిగా ఉందన్నారు, పెద్దది చేశాం. బాకీ పక్కన తేదీ కావాలన్నారు, చేర్చాం. అదే రాశాం. జనవరి 29న అనుమతి, ఫిబ్రవరి 3న యాప్ స్టోర్‌లో. డబ్బు తీసుకుని టెస్టర్లను ఇస్తామనే వారు మీకూ తగులుతారు. వారు చేరి యాప్ తెరవకుండా ఊరుకుంటే, టెస్టింగ్ చాలలేదని చెప్పి గూగుల్ మరో 14 రోజులు నడపమంటుంది. అప్పుడు క్లయింట్‌కు రాయవలసిన ఉత్తరం దీనికంటే చాలా కష్టం.

మీకు కొంత వెసులుబాటు ఉంది. 2024 డిసెంబరులో ఆ 20 మందిని 12కు తగ్గించారు. 14 రోజులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంటర్నల్ టెస్ట్ అనే మరో విడత ఉంటుంది. అందులో గడిపిన రోజులు ఈ లెక్కలోకి రావు. మీరు ఇప్పటికే అందులో నడుపుతూ ఉంటే వెంటనే క్లోజ్డ్ టెస్ట్‌కు మార్చండి. బట్టల దుకాణం అంటున్నారు కనుక అమ్మకంలో ఉన్నవారు, కుట్టుపని వారు, ఎప్పుడూ వచ్చే ఖాతాదారులు కలిసి 16 మంది దొరకడం కష్టం కాదు. రేపు దుకాణం తెరిచే వేళకు వెళ్లి, వారి ఫోన్లలో ఆ గుండ్రటి బొమ్మ నొక్కి చిరునామాలు రాసుకోండి. 12వ మనిషి చేరే తేదీ అంచనాకు వచ్చాక, ఆ తేదీ నుంచి లెక్కవేసి ఉత్తరం రాసి చేతికివ్వండి. వాట్సాప్‌లో మాత్రం పంపకండి.