ఫైనాన్స్ రాని టీమ్‌కి వేరియన్స్ ఎలా చెప్పాలి? మా జీడిపప్పు ఫ్యాక్టరీ అనుభవం

ప్రశ్న: "ప్రొడక్షన్ నుంచి మేనేజర్‌నయ్యాను. వచ్చే వారం క్వార్టర్లీ రివ్యూలో వేరియన్స్, అంటే బడ్జెట్‌కీ అసలు అయినదానికీ తేడా, ఇంకా రేషియోలు నేనే చెప్పాలి. వినేవాళ్లలో అకౌంట్స్ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పోయినసారి మా పాత మేనేజర్ చెప్తుంటే సగం మంది ఫోన్లు చూసుకున్నారు. ఎలా మొదలుపెట్టాలి?"

నాది పర్లాకిమిడి దగ్గర చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. టీమ్‌లో సగం మంది తెలుగు, సగం మంది ఒడియా, అకౌంట్స్ మాత్రం ఇద్దరికే వచ్చు. నా మొదటి రివ్యూలో అకౌంటెంట్ ఇచ్చిన పట్టికనే గోడ మీద వేసి పైనుంచి కిందికి చదివాను. ముడి సరుకు ఖర్చు బడ్జెట్ 1 కోటి, అయింది 1 కోటి 16 లక్షల 16 వేలు, ఆ గడి ఎర్రగా ఉంది. కటింగ్ సెక్షన్ చూసే అక్క చెయ్యెత్తి, "బాబూ, ఎక్కువ పని చేసినందుకా మాకు ఎర్ర గీత?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం. బడ్జెట్ 1,000 బస్తాల జీడిపిక్కలకు వేసుకున్నాం, ఆర్డర్లు వచ్చి 1,210 బస్తాలు కొట్టాం. పని పెరిగితే పిక్కల ఖర్చు పెరగకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, ఆ పట్టిక చూపించకముందే బడ్జెట్‌ని అసలు జరిగిన పనికి సరిపోయేలా మార్చుకోవడం. దీన్ని ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటారు, మీటింగ్‌లో ఆ పేరు ఎత్తక్కర్లేదు. మా లెక్కే చూడండి. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే పొట్టుతో ఉన్న పప్పు 22 కిలోలు రావాలని, బస్తా 10,000 రూపాయలకు దొరుకుతుందని అనుకున్నాం. ఆ క్వార్టర్‌లో మాకు వచ్చిన పప్పు 24,200 కిలోలు. దానికి పట్టాల్సిన బస్తాలు 1,100, అంటే ఖర్చు 1 కోటి 10 లక్షలు కావాలి. అంటే కనిపిస్తున్న 16 లక్షల 16 వేల తేడాలో 10 లక్షలు ఎవరి తప్పూ కాదు, ఎక్కువ సరుకు తయారైనందుకు అయిన ఖర్చు. మాట్లాడుకోవాల్సింది మిగిలిన 6 లక్షల 16 వేల గురించే. రెండోసారి మీటింగ్ ఇక్కడి నుంచే మొదలుపెట్టాను, ఆ అక్క మొహంలో టెన్షన్ అప్పుడే పోయింది.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. పర్చేజ్ చూసే కుర్రాడు కాశీనగర్ వైపు నుంచి బస్తా 9,600 చొప్పున ఒక పెద్ద లాట్ తెచ్చాడు. బస్తాకి 400 మిగిలింది, 1,210 బస్తాలకు 4 లక్షల 84 వేలు. పట్టికలో ఇది పచ్చగా కనిపిస్తుంది, అతను కూడా మెచ్చుకుంటారనే వచ్చి కూర్చున్నాడు. కానీ ఆ పిక్కలు వాన తగిలినవి, బస్తాకి 20 కిలోలే పప్పు దిగింది. 1,100 బస్తాలతో అయ్యే పనికి 1,210 పట్టాయి. అదనంగా పట్టిన 110 బస్తాలు, 10,000 లెక్కన, 11 లక్షలు. ఇందులోంచి ఆ 4 లక్షల 84 వేలు తీసేస్తే మన 6 లక్షల 16 వేలు సరిగ్గా తేలుతుంది. ఈ రెండు అంకెలూ వేర్వేరు వరుసల్లో, వేర్వేరు డిపార్ట్‌మెంట్ల పేర్ల కింద ఉంటే ఒకరు హీరో, ఒకరు దొంగ అయిపోతారు. అందుకే రెండూ ఒకే ఊపిరిలో చెప్పాలి.

ఇది మాటలతో ఎక్కదని, క్యాంటీన్ నుంచి చిన్న కాటా తెప్పించాను. మంచి లాట్‌లోంచి ఒక కిలో, ఈ లాట్‌లోంచి ఒక కిలో పిక్కలు మీటింగ్ ముందే కొట్టించి, వచ్చిన పప్పు రెండు స్టీలు గిన్నెల్లో పెట్టాను. ఒకదాంట్లో 275 గ్రాములు, రెండోదాంట్లో 250. చూడ్డానికి తేడా పెద్దగా లేదు, ఓ గుప్పెడు. "ఈ గుప్పెడే మన 11 లక్షలు" అన్నాను. ఫోన్ చూసేవాడు ఒక్కడూ లేడు. ఆ ఒక్క వాక్యం ఒడియాలో కూడా చెప్పించాను, మిగతాదంతా తెలుగే.

వెంటనే పర్చేజ్ కుర్రాడు అడిగాడు, "మరి సార్, తడి పిక్కలు అసలు కొనకూడదా?" కొనొచ్చు, ధర సరిపోతే. 22 కిలోల బస్తా 10,000 అయితే 20 కిలోల బస్తా విలువ దాదాపు 9,091. అతను 9,600 ఇచ్చాడు, తేడా అంతా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త, నేను దాదాపు పప్పులో కాలేసిన చోటు. పప్పు తక్కువ దిగిందంటే ప్రతిసారీ పిక్కల తప్పే అనుకోవద్దు. కొన్నరోజు కిలో పిక్కలు కోసి పప్పు తూచి చూసిన కోత పరీక్ష చీటీ తీయండి. ఆ రోజే 250 వచ్చి ఉంటే తప్పు కొనుగోలులో ఉంది. ఆ రోజు 275 వచ్చి ఫ్యాక్టరీలో 250 కి పడితే గోడౌన్‌లో పాడైందో, కటింగ్‌లో పెంకుతోపాటు పప్పు పోతోందో చూడాలి. పప్పు విరిగి బద్దలు, ముక్కలు ఎక్కువైతే అది వేరే సమస్య, బరువు పెద్దగా తగ్గదు గానీ అమ్మకం ధర తగ్గుతుంది. దాన్ని ఈ లెక్కలో కలిపితే మళ్లీ గందరగోళమే. మా దగ్గర చీటీయే లేదు. లాట్ నంబర్ వేసిన బస్తాలు కొన్ని ఇంకా మిగిలి ఉండబట్టి వాటిని కొట్టి తేల్చుకోగలిగాం.

రేషియోల సంగతికొస్తే, ఒక్కటే చెప్పండి. నేను చెప్పింది ఎన్ని రోజుల అమ్మకానికి సరిపడా స్టాక్ ఉందో అనేది. మార్చి చివర 40 రోజులు, జూన్ చివర 182. ఈ రెండూ పక్కపక్కన పెడితే సేల్స్ వాళ్లు బెంబేలెత్తిపోతారు. పిక్కలు ఎక్కువగా వచ్చేది మార్చి నుంచి మే దాకా, ఏడాదికి కావాల్సినదాంట్లో ఎక్కువ భాగం అప్పుడే కొనాలి, జూన్‌లో గోడౌన్ నిండుగా ఉండకపోతేనే భయపడాలి. పోల్చాల్సింది పోయిన ఏడాది జూన్‌తో, అది 168. ఎక్కువైన 14 రోజులు అంటే ఎవరికీ ఏమీ అనిపించలేదు. "దాని అర్థం సుమారు 20 లక్షల సరుకు కదలకుండా కూర్చుంది, నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకి 20 వేలు" అనగానే డిస్పాచ్ అతను, మన ఆర్డర్ ఒకటి లారీ దొరక్క ఆగిపోయిందని తనే చెప్పాడు. కరెంట్ రేషియో లాంటివి ఓనర్‌కీ బ్యాంకుకీ వదిలేయండి, మీ టీమ్ చేతిలో లేనిది వాళ్లకు చెప్పి లాభం లేదు.

ఆ మీటింగ్ తర్వాత పర్చేజ్ కుర్రాడికి కోత కత్తి, చిన్న కాటా కొనిచ్చాం. లెక్క కూడా చిన్నది చేశాం: 275 గ్రాములకు 10,000 అంటే గ్రాముకి 36 రూపాయల చిల్లర. పోయిన నెల ఆ కుర్రాడు ఒక వ్యాపారి షెడ్డులో నుంచుని ఫోన్ చేశాడు, "సార్, 258 వచ్చింది, 9,500 అంటున్నాడు, మన లెక్కకి 9,380 దాటకూడదు కదా, వచ్చేస్తున్నా" అని, నేను క్యాలిక్యులేటర్ తీసేలోపే పెట్టేశాడు.