పెన్‌డ్రైవ్ చేతికిచ్చే ముందు

భీమిలి,
ఆదివారం.

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గోపాలపట్నంలో నువ్వు నెట్ సెంటర్ తీసుకున్నావట, బయట ‘పాత పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబడును’ అని బోర్డు కూడా రాయించావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మీ అత్త వచ్చి, సంతోషించాల్సింది పోయి ఏమిటా మొహం అంది. సంతోషమేరా. బడి సెలవుల్లో మన కొట్టుకొచ్చి, స్టూలెక్కి మౌస్ పట్టుకున్న పిల్లాడివి. ఇవాళ నీ పేరుమీద షాపు. కానీ ఆ బోర్డు మాట దగ్గర నాకు కడుపులో తిప్పినట్టయింది. ఫోన్లో చెబితే సగం విని ‘సరే మామయ్యా’ అంటావు. అందుకే రాస్తున్నాను.

పని నీకు తెలిసిందే. డీవీడీ డిస్కు పెడితే లోపల VIDEO_TS అని ఫోల్డర్ ఉంటుంది, అందులో ఒక్కో జీబీ చొప్పున VOB ఫైళ్లుంటాయి, అవే వీడియో. ముందు వాటిని హార్డ్ డిస్కులోకి తీసుకో, డిస్కు మీద నుంచి నేరుగా పని చెయ్యకు. టీవీలో మాత్రమే చూసుకుంటామనే వాళ్లకి మార్చకుండా అలాగే ఇవ్వొచ్చు, బొమ్మ నాణ్యత చెక్కు చెదరదు. ఫోన్లో పంపుకోవాలనే వాళ్లకే ఎంపీ4 చెయ్యి. పాత టీవీలకి పెన్‌డ్రైవ్ FAT32 ఫార్మాట్‌లో ఉండాలి, అప్పుడు ఒక్క ఫైలు నాలుగు జీబీ దాటకూడదు. దాటితే రెండు ముక్కలు చేసి, ముక్క ఎక్కడ తెగుతుందో చూసుకో. తాళి కట్టే చోట తెగిందంటే ఆ ఇంటివాళ్లు నిన్ను జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మీ అత్తకి తప్ప ఎవరికీ తెలీదు.

2013 ఎండాకాలం. బీచ్ రోడ్డు వైపు నుంచి ఒకాయన తన కూతురి పెళ్లి డిస్కులు రెండు తెచ్చాడు. 2009లో అయిన పెళ్లి. మొదటి డిస్కులో పసుపు దంచడం, మంగళస్నానాలు, ఎదురుకోలు. రెండోదాంట్లో గౌరీపూజ దగ్గర్నుంచి అప్పగింతల వరకూ. రెండూ కలిపితే ఎనిమిది జీబీ పైన. ఆయన దగ్గర పెన్‌డ్రైవ్ లేదు, నా దగ్గరే కొన్నాడు. అప్పట్లో నేను నగరంలో ఓ హోల్‌సేల్ కొట్టులో పెన్‌డ్రైవులు గంపగుత్తగా తెచ్చేవాణ్ని. మీద 16 జీబీ అని ఉండేది, కంపెనీవాటిలో సగం ధర. పెట్టగానే కంప్యూటర్ కూడా పదహారనే చూపించేది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఫైళ్లన్నీ ఎక్కించాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. పేర్లన్నీ ఉన్నాయి, సైజులన్నీ సరిపోయాయి. మొదటి ఫైలు తెరిచి ఆయనకి ఐదు నిమిషాలు చూపించాను. కూతురు రోలు దగ్గర కూర్చుని పసుపు దంచుతోంది, ఆయన మురిసిపోయాడు. వంద రూపాయలు తీసుకున్నాను. ఆయన డిస్కులు సంచీలో పెట్టుకుంటుంటే నేనే అన్నాను, ‘ఇక ఈ డిస్కులతో పనిలేదండీ, అంతా ఇందులో ఉంది’ అని. ఆ రాత్రే చోటు కోసం నా కంప్యూటర్‌లోంచి కూడా తుడిచేశాను.

ఆయన నా మాట నమ్మాడు. ఇంటికెళ్లి ఆ డిస్కులకి దారం కట్టి, పిట్టలు రాకుండా పెరట్లో జామచెట్టుకి వేలాడదీశాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, మీ ఇంటి ముందు వేపచెట్టు కూడా ఆ రోజే పడింది. కరెంటొచ్చి నేను కొట్టు తీశాక ఊళ్లో వాళ్లంతా తడిసిన డిస్కులు మోసుకొచ్చారు. అవి చాలావరకు బతికాయి. నీళ్లకి డిస్కు పాడవదు, పాడుచేసేది ఇసుక. మామూలు నీళ్ల కింద పట్టి ఇసుక కడిగేసి, మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకి తుడిస్తే చాలు. గుండ్రంగా తుడిచావా, ఆ గీత వీడియో పొడుగునా పాకుతుంది. ఎంతమంది పెళ్లిళ్లు కాపాడానో అని ఆ నెలంతా నాకు గర్వంగా ఉండేది.

సంక్రాంతి ముందు ఆ కూతురు వచ్చింది. వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిందట. మంచంలోనే ఉన్నాడు. ‘పండక్కి అల్లుడొచ్చాడు, కాళ్లు కడిగింది చూస్తానంటున్నారు. అది మాత్రం ఆడటం లేదండీ’ అంటూ పెన్‌డ్రైవ్ నా బల్ల మీద పెట్టింది. టీవీ తప్పేమో చూడమని అడగడానికి వచ్చింది పాపం.

పెట్టి చూశాను. మొదటి డిస్కు ఫైళ్లు నాలుగూ బాగానే ఉన్నాయి. రెండో డిస్కువి ఒక్కటీ తెరుచుకోలేదు. పేర్లున్నాయి, సైజులున్నాయి, లోపల ఏమీ లేదు.

ఎందుకలా అవుతుందో నీకు విడమరిచి చెప్పాలి. సత్రానికి పదహారు గదులని బోర్డు పెట్టి లోపల నాలుగే కట్టారనుకో. గుమాస్తా వచ్చినవాళ్లందరి పేర్లూ రిజిస్టర్‌లో రాసుకుంటాడు, ఐదో గది నుంచి తాళంచెవులు కూడా ఇస్తాడు. గది మాత్రం ఉండదు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్న చిప్పు నాలుగు జీబీదే. పదహారని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి అమ్మారు. ఫైళ్ల పేర్లూ సైజులూ రాసుకునే పట్టిక డ్రైవ్ మొదట్లో ఉంటుంది కాబట్టి అది భద్రంగా ఉంటుంది. అసలు వీడియో నాలుగు జీబీ దాటాక ఎక్కడా పడదు. కొన్ని రకాల్లో అయితే మళ్లీ మొదటికొచ్చి పాతదాని మీదే పడుతుంది. ఎలా చూసినా, రాయని దాన్ని ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నాలుగు రాత్రులు కూర్చుని ప్రయత్నించాను కాబట్టే చెబుతున్నాను.

డిస్కుల కోసం వాళ్ల పెరట్లోకి వెళ్లాను. జామచెట్టు కూలిపోయింది. కొమ్మల కింద ఒక డిస్కు దొరికింది, రెండోదే. కంప్యూటర్‌లో బర్న్ చేసిన డిస్కుల్లో రంగుపొర మీదే వీడియో ఉంటుంది, అది ఎండకి వెలిసిపోతుంది. ఏడాదిన్నర ఎండలో వేలాడిన దాన్ని నా డ్రైవ్ కనీసం డిస్కుగా కూడా గుర్తించలేదు. పెళ్లికి వీడియో తీసిన స్టూడియోకి వెళితే, టేపులు వేరే పెళ్లిళ్లకి వాడేశామన్నారు.

చివరికి అనకాపల్లిలో పెళ్లికొడుకు మేనత్త ఇంట్లో వాళ్ల తరఫు కెమెరా డిస్కు ఒకటి దొరికింది. నా డ్రైవ్‌లో సగం దాకా చదివి ఆగిపోయేది. పాత కంప్యూటర్‌లోంచి డ్రైవ్ విప్పి పెడితే మొత్తం వచ్చింది. గీతలు పడిన డిస్కు ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకోటి చదవొచ్చు, కాబట్టి పాత డ్రైవులు పాతసామాన్లకి వెయ్యకు. అందులో కాళ్లు కడిగేది ఉంది. అయితే ఆ కెమెరా మంటపానికి అటువైపు ఉంది. ఆయన వీపు, వంగిన నడుము, చెంబులోంచి పడే నీళ్లు, అంతే. మొహం ఎక్కడా లేదు. నేనే తీసుకెళ్లి పెట్టాను. ఆయన ఎడంచేత్తో టీవీ వైపు చూపించి, ‘అది నేనే’ అన్నాడు. మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాడు. నన్ను ఒక్కమాట కూడా అనలేదురా. అనుంటే బాగుండేది.

అందుకే నీకు ఇంతగా చెప్పడం. చవక పెన్‌డ్రైవులు అమ్మకు. నువ్వు కొన్నా, కస్టమర్ తెచ్చినా, ఖాళీగా ఉన్నప్పుడే H2testw అనే చిన్న ప్రోగ్రామ్‌తో పరీక్షించు. అది డ్రైవ్ నిండా ఏదో ఒకటి రాసి, మళ్లీ మొత్తం చదివి సరిచూస్తుంది. మంచిదైతే ‘Test finished without errors’ అంటుంది. పదహారు జీబీకి గంట దాకా పట్టొచ్చు, పట్టనీ. 32 జీబీది 29 పైచిలుకే చూపిస్తే కంగారుపడకు, అది లెక్కలో తేడా, నకిలీ కాదు.

ఎక్కించాక పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టు. ఇది మర్చిపోవద్దు. తీయకుండా తెరిస్తే ఇప్పుడే కాపీ చేసిన వీడియో కంప్యూటర్ మెమరీలోంచే ఆడొచ్చు, నువ్వు పెన్‌డ్రైవ్‌లోంచి అనుకుంటావు. మళ్లీ పెట్టాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్కో ఫైలునూ హార్డ్ డిస్కులోని అసలుదాంతో పోల్చు. ఇక్కడ D హార్డ్ డిస్కు, F పెన్‌డ్రైవ్ అనుకో:

```
fc /b D:\pelli\5.vob F:\5.vob
```

‘no differences encountered’ అని రావాలి. ఆ తర్వాత కస్టమర్ ముందు చివరి ఫైలు తెరిచి, అప్పగింతలు చూపించు. మొదటిది ఎవరైనా చూపిస్తారు.

వాళ్లింట్లో టీవీలో మొత్తం చూసుకున్నామని చెప్పేదాకా నీ దగ్గర కాపీ తుడవకు. చెప్పాక మాత్రం తుడిచెయ్యి, ఇంకొకరి ఇంటి ఆడపిల్లల పెళ్లి నీ కంప్యూటర్‌లో ఉండిపోకూడదు. ఇక డిస్కులు దాచుకోమని చెప్పు. ప్రతి ఒక్కరికీ చెప్పు. విసుక్కుంటే విసుక్కోనీ.

వేళకి తిను. రాత్రి పది దాటాక షట్టర్ వెయ్యి, వీడియోలు మార్చే పనికి నిద్ర మానుకునే అలవాటు నా దగ్గర నేర్చుకోకు.

ఇంకో సంగతి. మీ అమ్మ పెళ్లి క్యాసెట్ నా బీరువాలో ఉంది, 1994ది. అమ్మకి చెప్పకు. సముద్రం గాలికి పాత టేపులకి తెల్లటి బూజు పడుతుంది, అలాంటిది ప్లేయర్‌లో పెడితే హెడ్ పాడై, తర్వాత పెట్టే టేపులకి కూడా బూజు అంటుకుంటుంది. నిన్న రాత్రి టార్చి వేసి క్యాసెట్ కిటికీలోంచి చూశాను, బూజు ఉన్నట్టు లేదు. కానీ నా కళ్లని నమ్మను. వచ్చే ఆదివారం తీసుకొస్తాను, పగటి వెలుతురులో నువ్వు చూడు. బాగుంటే ఎక్కిద్దాం. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, నేను పక్కనే కూర్చుంటాను.

మామయ్య