సరుకు దించిన రోజే నష్టం ఎందుకు?

ప్రశ్న: కావలిలో మాది చిన్న కిరాణా అంగడి. అమ్మకం, కొనుగోలు, ఖర్చు రోజూ గూగుల్ షీట్‌లో రాస్తున్నా. మొత్తం తక్కువ చూపిస్తా ఉంది. సరుకు దించిన రోజు వేలల్లో నష్టం అంటా ఉంది. ఫార్ములా ఎక్కడ తప్పింది?

జవాబు: మొత్తం తగ్గడానికి కారణం మీరు అంకెలు రాసే తీరు. 8400/- అని రాసినా, గల్లా డబ్బు, ఫోన్‌లో పడిన డబ్బు కలిపి 5200+3200 అని రాసినా షీట్‌కు అది అంకె కాదు, అక్షరాలు. SUM దాన్ని చెప్పకుండా వదిలేస్తుంది. ఇంత ముఖ్యమైన విషయానికి చిన్న హెచ్చరిక కూడా ఇవ్వని తయారీ నాకు అసలు నచ్చదు. అంకె గడిలో కుడివైపు, అక్షరం ఎడమవైపు నిలుస్తాయి, అలా పట్టుకోవచ్చు. ముందు = పెట్టి =5200+3200 అని రాస్తే సరిపోతుంది. అమ్మకాలు B2 నుంచి B32 దాకా ఉంటే, కింది ఫార్ములాకు సున్నా రావాలి. 2 వస్తే రెండు గడులు లెక్కలోకి రాలేదన్నమాట.

```
=COUNTA(B2:B32)-COUNT(B2:B32)
```

నష్టం సంగతి వేరు. 8,400 అమ్మిన రోజే 22,000 సరుకు దిగితే, ఆ 22,000 ఖర్చయిపోలేదు, అరల్లో ఉంది. దాన్ని ఆ రోజు అమ్మకంలోంచి తీసేయకూడదు. నెలాఖరున సరుకు లెక్కపెట్టండి. నెల మొదట్లో 1,40,000 సరుకు ఉంది, 1,95,000 కొన్నారు, చివర 1,30,000 మిగిలింది అనుకుందాం. అమ్ముడుపోయిన సరుకు అసలు 2,05,000. అమ్మకం 2,40,000 అయితే మిగులు 35,000, అంటే అమ్మకంలో 0.146 వంతు. ఆ అంకె H1లో పెట్టండి. ఖర్చు D లో ఉంటే, E2లో లాభం ఇలా:

```
=IF(B2="","",B2*$H$1-D2)
```

ఖర్చు 350 అయితే ఆ రోజు లాభం దాదాపు 876 రూపాయలు. డాలర్ గుర్తులు మరిచి కిందికి లాగితే ఫార్ములా ఖాళీగా ఉన్న H2కు జారుతుంది, రోజూ నష్టమే కనిపిస్తుంది. అద్దె 6,000 ఒకటో తేదీన మొత్తం రాయకుండా రోజుకు 200 చొప్పున D లో కలపండి. ఇది అంచనాయే. నెలనెలా సరుకు లెక్కపెట్టి H1 మార్చుకోవాలి.

నాకు ఎక్కువ భయం కలిగించేది లింకు. అంగడిలో పిల్లాడు కూడా రాయాలని చాలామంది షేర్‌లో Anyone with the link, Editor పెట్టి వాట్సాప్‌లో పంపేస్తారు. ఆ మెసేజ్ ఫార్వర్డ్ అయిందంటే మీ మిగులెంతో పక్కంగడికి, సరుకిచ్చే హోల్‌సేల్ వాళ్లకు తెలిసిపోతుంది. బేరంలో మీ చేయి కిందికి పోతుంది. అంకెలు మార్చినా, ఎవరు మార్చారో పట్టుకోవడం కష్టం. H వరుసను దాచిపెట్టడం తాళం కాదు, ఎడిట్ చేయగలిగిన ఎవరైనా దాన్ని తెరవగలరు. Restricted పెట్టి, రాసేవాళ్ల మెయిల్ ఒక్కటే చేర్చండి. వాళ్లకు అమ్మకం, ఖర్చు రాసే ఫైలు మాత్రమే ఇవ్వండి. కొనుగోలు, H1, లాభం ఉన్న ఫైలు వేరుగా, మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. వాళ్లు రాసిన అమ్మకం, ఖర్చు అంకెలను అందులో B, D లోకి మీరే ఎక్కించుకోండి.