జపాన్‌లో షింటో, బౌద్ధం కలిసిపోవడం, మళ్లీ విడిపోవడం

ప్రశ్న: జపాన్‌లో షింటో, బౌద్ధం ఎలా కలిశాయి? ప్రభుత్వం వాటిని ఎందుకు విడదీసింది?

6వ శతాబ్దంలో కొరియా నుంచి వచ్చిన బౌద్ధం, జపాన్ స్థానిక మతమైన షింటోలో కొలిచే 'కామి' అనే దేవతలను తోసేయలేదు. బుద్ధులు, బోధిసత్త్వులే జపాన్ ప్రజల కోసం కామి రూపంలో వెలిశారన్న వాదం తర్వాత బలపడింది. మన అవతారాల లెక్క లాంటిదే అనుకోండి. హచిమాన్ అనే దేవుడికైతే 8వ శతాబ్దంలోనే 'మహా బోధిసత్త్వుడు' అన్న బిరుదు వచ్చింది. కామకురా పట్టణంలోని ఆయన గుడి, త్సురుగఓకా హచిమాన్, వందల ఏళ్లు గుడీ విహారమూ కలిసిన చోటే. ఆవరణలో పెద్ద బౌద్ధ స్తూపగోపురం ఉండేది, పూజలు బౌద్ధ సన్యాసులే చూసేవారు.

1868లో అధికారంలోకి వచ్చిన మెయిజీ ప్రభుత్వం చక్రవర్తిని సూర్యదేవత అమతెరాసు వారసుడిగా నిలబెట్టాలనుకుంది. అందుకు షింటో విడిగా, 'స్వచ్ఛంగా' కనిపించాలి. కామి గుళ్లలోని సన్యాసులు జుట్టు పెంచుకుని గృహస్థులు కావాలనీ, బౌద్ధ విగ్రహాలు తీసేయాలనీ ఆదేశాలొచ్చాయి. హచిమాన్ బోధిసత్త్వ బిరుదూ పోయింది. 1870లో కామకురా గోపురాన్ని కూల్చేశారు. ద్వారపాలకుల విగ్రహాలు మాత్రం దగ్గర్లోని జుఫుకుజీ విహారానికి చేరాయి.

నిజానికి ఆదేశం విడదీయమనే చెప్పింది, కూల్చమని కాదు. కానీ చాలాచోట్ల స్థానిక అధికారులు, షింటో పూజారులు పాత కక్షలు తీర్చుకున్నారు. ఇళ్లలో మాత్రం ఈ విభజన పెద్దగా పారలేదు: కామికి ఒక పూజా అర, పూర్వీకుల కోసం బౌద్ధ పూజాపీఠం, రెండూ ఉన్న ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.