డాక్టర్ సలహా: తొమ్మిదో రోజు నెగెటివ్ వస్తే హెచ్ఐవీ లేనట్టేనా?

ప్రశ్న: ఆగస్టు 3 రాత్రి కాండోమ్ చిరిగిపోయింది సార్. భయమేసి 12న అమీర్‌పేట్ ల్యాబ్‌లో వేలు గుచ్చి చేసే కిట్ టెస్ట్ చేయించా, నెగెటివ్. 14 నుంచి జ్వరం, ఒళ్లు నొప్పులు. హెచ్ఐవీ లేనట్టేనా, మళ్లీ చేయించాలా? – కూకట్‌పల్లి పాఠకుడు, 26

జవాబు: మళ్లీ చేయించాలండీ. 12న వచ్చిన నెగెటివ్ అంతకుముందు సంగతి చెప్తుందే గానీ 3వ తేదీ రాత్రి గురించి ఏమీ చెప్పదు, ఎందుకంటే ఆ కిట్ వెతికేది వైరస్‌ని కాదు, వైరస్ మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని, అవి టెస్టుకి దొరికేంతగా పెరగడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. ఈ గ్యాప్‌నే విండో పీరియడ్ అంటాం.

జ్వరం లెక్క వేరు. వైరస్ సోకాక లక్షణాలు కనిపించే వరకు పట్టే టైమ్ ఇంక్యుబేషన్, హెచ్ఐవీలో మామూలుగా 2 నుంచి 4 వారాలు, కానీ కొంతమందికి అసలు ఏ లక్షణమూ రాదు, అందుకే జ్వరం వచ్చింది కాబట్టి ఉందనీ, రాలేదు కాబట్టి లేదనీ తేల్చలేం. పైగా ఆ జ్వరం ఉన్న రోజుల్లో వైరస్ రక్తంలో బాగా ఎక్కువగా ఉన్నా కిట్‌లో మాత్రం నెగెటివ్ రావచ్చు, చాలామంది మోసపోయేది ఇక్కడే.

మీరు అడగాల్సింది ఫోర్త్ జనరేషన్ టెస్ట్, చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్ మెషీన్ మీద చేసేది. ఇది యాంటీబాడీతో పాటు పీ24 అనే వైరస్ ప్రొటీన్‌ని కూడా పట్టుకుంటుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల్లో తేలిపోతుంది. ఆగస్టు 3 నుంచి లెక్కేస్తే 45వ రోజు సెప్టెంబర్ 17, ఆ రోజు గానీ తర్వాత గానీ నెగెటివ్ వస్తే ఆ రాత్రి భయం వదిలేయొచ్చు. కిట్ టెస్టే చేయిస్తానంటే 90వ రోజు, అంటే నవంబర్ 1 దాకా ఆగాలి. గాంధీ, ఉస్మానియాల్లోని ఐసీటీసీ సెంటర్లలో టెస్టూ కౌన్సెలింగూ ఫ్రీ, వివరాలు బయటికి చెప్పరు. అంతవరకు కాండోమ్ తప్పనిసరి, రక్తదానం వద్దు.

72 గంటల్లోపు వచ్చుంటే హెచ్ఐవీ సోకకుండా ఆపే 28 రోజుల పీఈపీ మందులు మొదలుపెట్టేవాళ్లం, ఇప్పుడు ఆ టైమ్ దాటింది. ఒకవేళ ఎక్కడైనా ఆ కోర్సు మొదలుపెట్టి ఉంటే పైన చెప్పిన తేదీలు మీకు వర్తించవు, మందుల వల్ల టెస్టులో తేలడం లేటవచ్చు, ఇచ్చిన డాక్టర్‌నే తేదీలు అడగండి.

ఇక ఇప్పుడున్న జ్వరాన్ని మాత్రం సెప్టెంబర్ దాకా ఆపకండి, వానాకాలం హైదరాబాద్‌లో ముందు అనుమానించాల్సింది డెంగీనే. అక్కడ రోజులు లెక్కపెట్టేది జ్వరం మొదలైన రోజు నుంచి: మొదటి 5 రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాతైతే ఐజీఎం, తోడుగా సీబీపీ చేయించి ప్లేట్‌లెట్లు చూడండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.