మడమలు లేస్తే మారాల్సింది ఉద్యోగం కాదు

ప్రశ్న: సార్, నాకు 28 ఏళ్లు. మడికొండ ఐటీ పార్కులో రోజుకు తొమ్మిది గంటలు కూర్చునే పని. హనుమకొండలో జిమ్‌లో చేరి మూడు వారాలైంది. స్క్వాట్ చేస్తూ కిందికి దిగితే మడమలు లేస్తున్నాయి, నడుము పట్టేస్తోంది. జిమ్‌కి వెళ్లగానే పది నిమిషాలు వంగి స్ట్రెచింగ్ చేస్తున్నా. తిరిగే ఉద్యోగం చూసుకోవడం మంచిదా?

జవాబు: ఈ ఒక్క కారణానికైతే వద్దు. తిరిగే ఉద్యోగమంటే చాలావరకు బైకు మీద కూర్చోవడమే. ముందు గోడ దగ్గర ఒక చిన్న పరీక్ష చేయండి.

చెప్పులు విప్పి, బొటనవేలిని గోడకు బెత్తెడు దూరంలో పెట్టండి. మడమ నేలకే ఆనించి, మోకాలిని గోడకు తాకించండి. తాకకపోతే చీలమండ బిగుసుకుంది. అది వంగకపోతే దిగేటప్పుడు మోకాలు ముందుకు రాదు, అప్పుడు మడమ లేస్తుంది, లేదా ఒళ్లు ముందుకు వాలి నడుము గుండ్రమవుతుంది. మీ నడుము పట్టడానికి మూలం ఇదే కావచ్చు. ముందుకు వంగి చేసే స్ట్రెచింగ్ తొడ వెనక కండరాలను సాగదీస్తుంది గానీ చీలమండకు పెద్దగా పనికిరాదు. పైగా బరువులెత్తే ముందు ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే బలం కాస్త తగ్గుతుంది. అది ఇంటికెళ్లాక చేసుకోండి.

మొదట ఐదు నిమిషాలు వేగంగా నడవండి, మాట్లాడగలగాలి కానీ ఒళ్లు వెచ్చబడాలి. మడికొండ నుంచి బండి మీద వచ్చిన ప్రయాణం లెక్కలోకి రాదు! తర్వాత గోడ దగ్గర అదే భంగిమలో మోకాలిని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపండి, ఒక్కో కాలికి పదేసి సార్లు. ఆపై ఐదు కిలోల ప్లేటును రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకుని అడుగుదాకా దిగి, మోచేతులతో మోకాళ్లను బయటికి నెడుతూ పది సెకన్లు కూర్చోండి. ఇది మూడుసార్లు. మళ్లీ గోడ దగ్గర కొలవండి. వేలు వెడల్పు దూరం పెరిగినా పని జరుగుతున్నట్టే. రేపటికి కొంత వెనక్కి పోతుంది, అందుకే ప్రతిసారీ చేయాలి.

ఇక బార్. ఆ రోజు మీ సెట్ 40 కిలోలతో ఐదుసార్లు అనుకుందాం. ఖాళీ బార్‌తో పదిసార్లు, 30తో ఐదు, 35తో రెండు, ఆపై 40. ఖాళీ బార్ 20 కిలోలే ఉంటుందని అనుకోకండి, చాలా జిమ్‌లలో తక్కువ బరువువి కూడా ఉంటాయి. అడిగి తెలుసుకోండి.

మోకాలిని ముందుకు తెస్తున్నప్పుడు పిక్క లాగకుండా చీలమండ ముందు భాగంలో నొక్కినట్టు ఉంటే బలవంతంగా నెట్టకండి. మడమల కింద పలుచని ప్లేట్లు పెట్టుకుని స్క్వాట్ చేయండి, అందులో తప్పేం లేదు. నొప్పి నడుము నుంచి కాలిలోకి జారినా, తిమ్మిరి ఎక్కినా మాత్రం బార్ దించేసి ఎముకల డాక్టర్‌కు చూపించండి.