ఫారంలో ఒకటి, రెజ్యూమేలో ఇంకొకటి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, ఆకివీడు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ల్యాబులో పనిచేసింది. ఆగస్టులో మానేసింది. ఇప్పుడు కాకినాడ, విశాఖ కంపెనీల్లో సరుకు నాణ్యత పరీక్షించే క్యూసీ ఉద్యోగాలకు ఆన్‌లైన్లో అప్లై చేస్తోంది. ఒక్క ఫోనూ రావట్లేదు. రెజ్యూమే బాగుందనే అంటున్నారు అందరూ. లోపం ఎక్కడుందండీ?

జవాబు: మీరు పంపిన రెజ్యూమేనీ, ఫారం జవాబుల స్క్రీన్‌షాట్లనూ పక్కపక్కన పెట్టుకుని చూశానండి. దేనికది విడిగా చూస్తే బాగానే ఉంది. కలిపి చదివితే మాత్రం ఇద్దరు వేరు వేరు మనుషులు నింపినట్టుంది.

ముందుగా ఒక విషయం. అప్లికేషన్లు వందల్లో వచ్చినప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు ప్రతి రెజ్యూమే తెరవరు. అనుభవం ఎన్నేళ్లు, ఫలానా పరీక్ష చేయడం వచ్చా, ఎప్పుడు చేరగలరు అని ఫారంలో అడిగే ప్రశ్నలు అందుకే. ఆ జవాబులతో మొదట వడపోసి, మిగిలినవాళ్ల రెజ్యూమేలే తెరుస్తారు. కాబట్టి జవాబు తక్కువ చేసి రాస్తే రెజ్యూమే చూడకుండానే పక్కన పడుతుంది. ఎక్కువ చేసి రాస్తే వడపోత దాటుతుంది గానీ, తెరిచిన మనిషి కంటికి తేడా వెంటనే ఆనుతుంది. అప్పుడు ఫోన్ చేసి వివరం కనుక్కునే ఓపిక వాళ్లకు ఉండదు, తర్వాతి పేరుకు వెళ్లిపోతారు.

ఇక మీ అమ్మాయి సంగతి. రెజ్యూమేలో ‘జూన్ 2024 నుంచి ఇప్పటివరకు’ అని ఉంది. ఫారంలో ‘వెంటనే చేరగలను’ అని పెట్టింది. ఇంకా ఉద్యోగంలో ఉన్న మనిషి నోటీసు పీరియడ్ లేకుండా ఎలా వస్తుంది అనే అనుమానం ఎవరికైనా వస్తుంది. ఫారంలో రాసిందే నిజం, రెజ్యూమే పాతది. ‘ఇప్పటివరకు’ తీసేసి ‘ఆగస్టు 2025’ అని రాయించండి. పీఎఫ్ ఖాతా ఉంటే చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో కనిపిస్తాయి. ఆఫర్ వచ్చాక చేసే వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు అదే అడుగుతాయి. అందుకని తేదీలు దాన్ని చూసి రాస్తే మంచిది.

జూన్ నుంచి ఆ పై ఏడాది ఆగస్టు వరకు లెక్కేస్తే 15 నెలలు. ఫారంలో మొత్తం అనుభవం 2 ఏళ్లు అని ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు 6 నెలలు కలిపితే 21, దాన్ని 2 చేసేసి ఉంటుంది. కాలేజీ ప్రాజెక్టును ఉద్యోగానుభవంగా ఎవరూ లెక్కపెట్టరండి. లింక్డిన్ లాంటి చోట ఈ గడిలో పూర్ణ సంఖ్యే పడుతుంది, అక్కడ 1 వేయాలి. నెలలు రాయనిచ్చే ఫారంలో ‘1 సంవత్సరం 3 నెలలు’ అని రాయొచ్చు. 2 ఏళ్లు తప్పనిసరి అన్న ఉద్యోగం ఇప్పటికి ఆమెది కాదు. ఆ టైం వేరే అప్లికేషన్‌కు పెట్టుకోవడం మేలు.

నాకు బాధ కలిగించింది ఎలైసా విషయం. ఎగుమతి రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమో చూసే పరీక్ష అది. ఫారంలో 1 ఏడాది అని వేసింది, అది నిజమే. కానీ రెజ్యూమేలో ‘ల్యాబ్ టెస్టింగ్’ అన్న రెండు ముక్కలే ఉన్నాయి. ఎలైసా అన్న మాటే లేదు. చూసేవాళ్లకు నిజం కూడా గొప్ప కోసం రాసినట్టు కనిపిస్తుంది. ప్లాంటు పేరు కిందే ‘రొయ్యల శాంపిళ్లలో యాంటీబయాటిక్ అవశేషాలకు ఎలైసా పరీక్షలు’ అని రాసి, రోజుకు సుమారు ఎన్ని శాంపిళ్లు చూసేదో చేర్చమనండి. శాంపిల్లోని రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష సంగతి దీనికి తలకిందులు. ఫారంలో 1 ఏడాది పెట్టింది, రెజ్యూమే చూస్తే కాలేజీ ప్రాక్టికల్స్‌లో తప్ప ఎక్కడా లేదు. అక్కడ 0 వేయాల్సిందే. పరిచయం ఉందన్న మాట రెజ్యూమేలో చదువు దగ్గర రాసుకోవచ్చు.

ఇంకో చిక్కుంది. కొన్ని పోర్టళ్లు పాత జవాబులు గుర్తుంచుకుని తర్వాతి ఫారంలో వాటంతటవే నింపేస్తాయి. మొదటిసారి వేసిన ఆ 2, ఆ తర్వాత చాలా చోట్లకు అలాగే వెళ్లి ఉంటుంది. నౌక్రీ ప్రొఫైల్లో కూడా అనుభవం, నోటీసు పీరియడ్ గడులు విడిగా ఉంటాయి, రెజ్యూమే మార్చినంత మాత్రాన అవి మారవు. ముందు రెజ్యూమే సరిచేసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రొఫైల్ దిద్దాలి. ఆ తర్వాతే కొత్త ఫారం తెరవమనండి.

ఇప్పటికే పంపిన వాటిలో జవాబులు దిద్దే వీలు చాలా చోట్ల ఉండదు. అప్లికేషన్ వెనక్కి తీసుకునే అవకాశం కనిపిస్తే తీసుకుని మళ్లీ వేయొచ్చు, కానీ వెంటనే రెండోసారి వేయనివ్వని కంపెనీలూ ఉన్నాయి, ముందు ఆ నిబంధన చదవాలి. కాకినాడ కంపెనీ ప్రకటనలో హెచ్‌ఆర్ మెయిల్ ఐడీ ఉంది కదా, సరిచేసిన రెజ్యూమే జతచేసి, అనుభవం 15 నెలలని, హెచ్‌పీఎల్‌సీ కాలేజీలోనే చేశానని రెండు వాక్యాల్లో రాయమనండి.